మహాసిర మూసుకుపోతే రక్తం ఎటు వెళ్తుంది: అజైగస్ దారులను గీసి, రోగి దగ్గర గుర్తించే పద్ధతి

ఛాతీలో పెద్ద సిర మూసుకుపోయిన ఇద్దరు రోగులను పక్కపక్కన చూడండి. ఒకరికి మెడ, ఛాతీ పైభాగం మీద మాత్రమే సిరలు ఉబ్బి ఉంటాయి. రెండోవారికి పొట్ట మీద, గజ్జల దాకా నీలి తాళ్లలా కనిపిస్తాయి. ఇద్దరిలోనూ మూసుకుపోయింది పై మహాసిరే. తేడా ఎక్కడుందంటే, వెన్నెముక కుడిపక్కగా ఎక్కే అజైగస్ సిర వచ్చి పై మహాసిరలో కలిసే నోటికి అడ్డంకి పైన ఉందా, కింద ఉందా అన్న దగ్గరే. ఆ ఒక్క చోటును గుర్తుంచుకుంటే మిగతా దారులన్నీ తర్కంతో దొరుకుతాయి. బట్టీ పట్టే పని చాలావరకు తప్పుతుంది.

ఇది ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థులకు, నర్సింగ్, రేడియాలజీ చదివేవారికి ఉపయోగపడేలా రాస్తున్నాను. ఇన్‌ఫీరియర్ వీనా కేవాను కింది మహాసిర అని, సుపీరియర్ వీనా కేవాను పై మహాసిర అని రాస్తాను. ఒక తెల్ల కాగితం, రెండు రంగు పెన్సిళ్లు దగ్గర పెట్టుకుని చదవండి. చదువుతూ గీయకపోతే ఈ విషయం తలకెక్కదు.

మొదటి అడుగు: వెన్నెముక మీద ఐదు గీతలు

కాగితం మధ్యలో నిలువుగా వెన్నెముకను గీసి, దాని మీద ఐదు అడ్డగీతలు పెట్టండి. ఛాతీ వెన్నుపూసల్లో టి4, టి8, టి12, నడుము వెన్నుపూసల్లో ఎల్1, ఎల్2 మధ్య ఒకటి, ఎల్5 దగ్గర ఒకటి. కింది నుంచి చెప్పుకుంటే, ఎల్5 దగ్గర కింది మహాసిర పుడుతుంది. ఎల్1, ఎల్2 దగ్గర మూత్రపిండ సిరలు అందులో కలుస్తాయి. టి12 దగ్గర అజైగస్ ఛాతీలోకి ప్రవేశిస్తుంది. టి8 దగ్గర కింది మహాసిర డయాఫ్రం దాటుతుంది, ఎడమవైపు హెమీఅజైగస్ కుడివైపుకు దాటేది కూడా దాదాపు ఇదే ఎత్తులో. టి4 దగ్గర అజైగస్ ముందుకు వంగి పై మహాసిరలో కలుస్తుంది. మనిషికీ మనిషికీ ఒక వెన్నుపూస అటూ ఇటూ కావడం మామూలే.

రెండో అడుగు: కింది మహాసిర

ఎల్5 ఎదురుగా, మధ్యరేఖకు కాస్త కుడిగా, రెండు కాళ్ల నుంచి, కటి నుంచి వచ్చే రెండు కామన్ ఇలియాక్ సిరలను కలపండి. అక్కడి నుంచి మహాధమనికి కుడిపక్కన నిటారుగా పైకి గీసుకుంటూ వెళ్లి, కాలేయం వెనక గాడిలోంచి నడిపించి, టి8 దగ్గర డయాఫ్రం దాటించి కుడి కర్ణికలో కలపండి. ఛాతీలో దాని ప్రయాణం చాలా చిన్నది, రెండు మూడు సెంటీమీటర్లే. దాదాపు అంతా పొట్టలోనే ఉంటుంది.

ఇప్పుడు ఉపసిరలు. కుడివైపు, ఎడమవైపు ఒకేలా గీయకండి. మహాసిర కుడివైపు ఉంది కాబట్టి కుడి బీజగ్రంథి సిర, అంటే పురుషుల్లో వృషణ సిర, స్త్రీలలో అండాశయ సిర, నేరుగా అందులో కలుస్తుంది. కుడి అడ్రినల్ సిర కూడా అంతే, అది మరీ పొట్టిది. ఎడమవైపు ఈ రెండూ మహాసిర దాకా రావు. ఎడమ మూత్రపిండ సిరలోనే కలుస్తాయి. ఆ సిర పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు ఉంటే, కుడిది 2.5 సెంటీమీటర్లే. ఎడమది మహాధమనికి ముందు నుంచి, పేగులకు వెళ్లే పై మెసెంటరిక్ ధమనికి వెనక నుంచి దాటి రావాలి కాబట్టే ఈ తేడా.

ఈ తేడాకు ఆపరేషన్ బల్ల మీద విలువ ఉంది. ఎడమ మూత్రపిండ సిరను మహాసిర దగ్గర కట్టేయాల్సి వచ్చినా, వృషణ సిర, అడ్రినల్ సిర, వెనక నుంచి హెమీఅజైగస్‌తో ఉండే లంకె, ఈ మూడూ కలిసి మూత్రపిండం రక్తాన్ని చాలాసార్లు బయటికి తీసుకెళ్లగలవు. కుడి మూత్రపిండ సిరకు అలాంటి పక్కదారులు దాదాపు లేవు. కట్టేస్తే కుడి మూత్రపిండం నిలవడం కష్టం.

మూత్రపిండ సిరలకు పైన, డయాఫ్రం దాటే ముందు, కాలేయ సిరలు మహాసిరలో కలుస్తాయి. చాలామందిలో అవి మూడు పెద్దవి. వీటికీ మూత్రపిండ సిరలకూ మధ్య కాగితం మీద కాస్త ఖాళీ వదలండి. చివరి అడుగులో ఆ ఖాళీతోనే పని ఉంది.

మూడో అడుగు: అజైగస్, దాని ఎడమ జోడీ

రంగు మార్చండి. నడుము వెన్నుపూసల పక్కన, కండరం వెనక దాగి, నిలువుగా ఎక్కే సన్నని సిర ఒకటి ఉంటుంది. దాని పేరు ఆరోహ కటి సిర, అసెండింగ్ లంబార్ అని కాలేజీలో వింటారు. అది కింద కామన్ ఇలియాక్ సిరతో కలిసి ఉంటుంది. పైన, టి12 దగ్గర, పన్నెండో పక్కటెముక కింది సిరతో కలిసి కుడివైపు అజైగస్ అవుతుంది, ఎడమవైపు హెమీఅజైగస్ అవుతుంది. దీనికి తోడు, అజైగస్‌కు తరచుగా కింది మహాసిర వెనక గోడ నుంచి, హెమీఅజైగస్‌కు ఎడమ మూత్రపిండ సిర నుంచి కూడా ఒక వేరు వస్తుంది. ఈ రెండు వేళ్లను మందంగా గీయండి.

అజైగస్ వెన్నుపూసల కుడి ముఖం మీద పైకి ఎక్కుతుంది. దారిలో కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి వచ్చే సిరలను, అన్నవాహిక సిరలను, కుడి శ్వాసనాళ సిరలను కలుపుకుంటుంది. టి4 దగ్గర కుడి ఊపిరితిత్తి మూలం మీదుగా విల్లులా ముందుకు వంగి, పై మహాసిర వెనక గోడలో కలుస్తుంది. పై మహాసిర గుండె పొరలోకి దూరే చోటికి సరిగ్గా పైన ఈ నోరు ఉంటుంది. దాన్ని ఎర్రగా చుట్టి పెట్టండి.

ఎడమవైపు మూడు ముక్కలుగా ఉంటుంది. అడుగున హెమీఅజైగస్, దానిపైన అదనపు హెమీఅజైగస్, ఇవి టి8, టి7 ప్రాంతంలో మహాధమని వెనక నుంచి కుడికి దాటి అజైగస్‌లో కలుస్తాయి. అన్నిటికంటే పైన, రెండు నుంచి నాలుగో పక్కటెముకల మధ్య రక్తం మహాధమని విల్లు పక్కగా ఎక్కి ఎడమ బ్రేకియోసెఫాలిక్ సిరకు వెళ్తుంది. ఎడమవైపు అమరిక మనిషిని బట్టి ఎంతో మారుతుంది. డిసెక్షన్‌లో పుస్తకంలోని బొమ్మ దొరకలేదని వెతుకుతూ ఉండకండి, మీ ముందున్న శరీరంలో ఏ సిర ఎక్కడ దాటుతోందో అది రాసుకోండి.

నాలుగో అడుగు: వంతెనలు

ఇప్పుడు కాగితం మీద రెండు నిలువు దారులున్నాయి. రెండూ గుండె వైపే వెళ్తున్నాయి. వాటిని కలిపేవి మూడు రకాలు.

మొదటిది లోపలి వంతెన. ఆరోహ కటి సిర, నడుము సిరలు, మూత్రపిండ సిర వేరు, వీటి గురించి చెప్పుకున్నాం. ప్రధాన కాలువ లాకులు దించితే పక్క కాలువలోకి నీరు మళ్లినట్లు, మహాసిరలో ఒత్తిడి పెరిగితే ఇవి వెడల్పవుతాయి. అజైగస్‌లో కవాటాలు ఉన్నా అవి అసంపూర్ణమైనవి, అందుకే ఒత్తిడి తిరగబడితే రక్తం కిందికీ పారగలదు.

రెండోది వెన్నెముక లోపల, బయట అల్లుకున్న సిరల వల. ఇందులో కవాటాలు లేవు. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసలకు ఎలా చేరుతుందో వివరిస్తూ 1940లో బాట్‌సన్ దీన్ని చూపించాడు. నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భాశయం కింది మహాసిరను నొక్కుతుంది. అప్పుడు కాళ్ల రక్తం ఈ వలలోకి, అజైగస్‌లోకి మళ్లుతుంది. వెన్నులో మత్తు సూది వేసేటప్పుడు ఈ సిరలు ఉబ్బి ఉంటాయి కాబట్టే గర్భిణుల్లో సూది సిరలోకి దూరే ప్రమాదం ఎక్కువ. వాళ్లను ఎడమవైపుకు కొంచెం వాల్చి పడుకోబెట్టేది మహాసిర మీద ఆ బరువు తగ్గించడానికే.

మూడోది శరీర గోడ. రొమ్ము ఎముక వెనక దిగే అంతర వక్ష సిర, పొట్ట ముందు గోడలో ఎపిగాస్ట్రిక్ సిరల ద్వారా గజ్జ దాకా కలిసిపోతుంది. చర్మం కింద చంక నుంచి గజ్జకు మరో దారి ఉంది, దాన్ని థొరాకోఎపిగాస్ట్రిక్ సిర అంటారు. రోగి దుస్తులు తీయగానే కంటికి కనిపించేది ఇదే.

ఐదో అడుగు: పై మహాసిరను మూసి చూడండి

పెన్సిల్‌తో ఎర్రని నోటికి పైన అడ్డగీత పెట్టండి. చేతుల, తల రక్తానికి పై మహాసిర లేదు, కానీ అజైగస్ నోరు తెరిచే ఉంది. పక్కటెముకల మధ్య సిరలు, ఛాతీ గోడ సిరలు ఆ రక్తాన్ని అజైగస్‌కు చేరుస్తాయి. అజైగస్‌లో అది మామూలుగానే పైకి పారి, అడ్డంకి కింద ఉన్న పై మహాసిరలో కలుస్తుంది. ఛాతీ పైభాగంలో సిరలు ఉబ్బుతాయి, పొట్ట జోలికి రావు. లక్షణాలు సాధారణంగా తేలికగా ఉంటాయి.

ఇప్పుడు అడ్డగీతను నోటికి కింద పెట్టండి. రక్తం నోటిదాకా వచ్చి ఆగుతుంది. అజైగస్‌లోకి తిరగబడి కిందికి దిగి, హెమీఅజైగస్, నడుము సిరల మీదుగా కింది మహాసిరను చేరి గుండెకు వెళ్తుంది. ఇది పెద్ద చుట్టు. పొట్ట గోడ సిరలు కూడా తోడవుతాయి.

మూడోది, అడ్డంకి నోటినే మింగేస్తే అజైగస్ కూడా పై నుంచి అందదు. అంతర వక్ష సిర, చర్మం కింది సిరల మీదే దాదాపు భారమంతా పడుతుంది. రోగికి ఇదే ఎక్కువ కష్టం. ఏ స్థితిలోనైనా అడ్డంకి వారాల తరబడి మెల్లగా వస్తే ఈ దారులు సర్దుకుంటాయి. ఒక్కసారిగా వస్తే వెడల్పయ్యే సమయం ఉండదు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం తీవ్రంగా ఉంటాయి.

ఆరో అడుగు: కింది మహాసిరను మూసి చూడండి

మూత్రపిండ సిరలకు కింద మూస్తే రెండు కాళ్లూ వాస్తాయి, మూత్రపిండాలకు ఏమీ కాదు. రక్తం ఇలియాక్ సిరల నుంచి ఆరోహ కటి సిరలోకి, అక్కడి నుంచి అజైగస్‌కు ఎక్కుతుంది. మూత్రపిండ సిరలను కూడా కలుపుకుని మూస్తే, రెండో అడుగులోని కుడి, ఎడమ తేడా బయటపడుతుంది: ఎడమ మూత్రపిండం సర్దుకుంటుంది, కుడిది ఇబ్బంది పడుతుంది. కాలేయ సిరల దగ్గర మూస్తే కథ మారిపోతుంది. కాలేయం ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ దారి కూడా రక్తానికి మూసుకుపోయినట్లే. వీపు మీద, పక్కల మీద నిలువు సిరలు ఉబ్బి ఉన్నాయా అని ఇక్కడ తప్పకుండా చూడాలి. వీపు చూడకుండా పరీక్ష ముగించేవారే ఎక్కువ.

ఏడో అడుగు: రెండు వేళ్ల పరీక్ష

రోగిని మంచి వెలుతురులో నిలబెట్టండి. ఉబ్బిన సిరలో కొమ్మలు లేని మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ముక్కను ఎంచుకోండి. రెండు చూపుడు వేళ్లను పక్కపక్కనే పెట్టి నొక్కండి. ఒక వేలిని అలాగే ఉంచి, రెండోదాన్ని నొక్కుతూనే దూరంగా జరపండి. మధ్యలో సిర ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఒక వేలు తీసి, ఎంత వేగంగా నిండుతుందో చూడండి. మళ్లీ ఖాళీ చేసి, ఈసారి రెండో వేలు తీయండి. ఏ వైపు వేలు తీసినప్పుడు వేగంగా నిండిందో రక్తం ఆ వైపు నుంచి వస్తోంది.

మామూలుగా బొడ్డుకు పైన రక్తం పైకి, కింద కిందికి పారుతుంది. పై మహాసిర మూసుకుపోతే బొడ్డుకు పైన కూడా కిందికే పారుతుంది. కింది మహాసిర మూసుకుపోతే బొడ్డుకు కింద కూడా పైకే పారుతుంది. కాలేయ జబ్బులో పోర్టల్ ఒత్తిడి పెరిగితే సిరలు బొడ్డు చుట్టూ విచ్చుకుంటాయి, కానీ దిశ మామూలుగానే ఉంటుంది. కాబట్టి పొట్టలో నీరున్న రోగికి సిరలు ఉబ్బితే బొడ్డుకు పైన పరీక్షించి ఆగిపోకండి. పోర్టల్ జబ్బుకూ కింది మహాసిర అడ్డంకికీ బొడ్డుకు పైన దిశ ఒకటే. తేడా తెలిసేది బొడ్డుకు కింద మాత్రమే.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. సిర మరీ సాగిపోతే కవాటాలు పనిచేయవు, రెండు వైపుల నుంచీ నిండుతుంది. అప్పుడు వేగంలో తేడా స్పష్టంగా లేకపోతే ఏదీ తేల్చకండి, స్కాన్ మీద ఆధారపడండి.

ఎనిమిదో అడుగు: ఒక రోగిని మొదటి నుంచి చివరిదాకా

ఉదాహరణకు ఇలా అనుకుందాం. 52 ఏళ్ల వ్యక్తి, మూత్రపిండాలు పాడై డయాలిసిస్ మీద ఉన్నారు. మొదటి ఏడాదంతా మెడ కుడివైపు సిరలో పెట్టిన గొట్టంతో నడిచింది. తర్వాత ఎడమ చేతిలో ధమనిని నేరుగా సిరకు కలిపి ఫిస్టులా చేశారు. కొన్ని నెలలకు ఉదయం లేవగానే ముఖం ఉబ్బి, సాయంత్రానికి తగ్గుతోంది. చొక్కా మెడ బిగుతవుతోంది. ఎడమ చెయ్యి కూడా లావెక్కింది. ఉద్దానం వంటి ప్రాంతాల్లో డయాలిసిస్ రోగులను చూసేవారికి ఈ కథ కొత్త కాదు.

ముందు కారణం ఆలోచించండి. గొట్టం చివర పై మహాసిర అడుగున, కుడి కర్ణికకు దగ్గరగా ఉంటుంది. నెలల తరబడి రాసుకుని అక్కడ మచ్చ కట్టి సన్నబడుతుంది. ఆ చోటు అజైగస్ నోటికి కింద. ఫిస్టులా వల్ల నిమిషానికి అర లీటరు నుంచి లీటరు పైగా అదనపు రక్తం అదే దారిలోకి వస్తుంది కాబట్టి, అప్పటిదాకా ఓర్చుకున్న సన్నని దారి ఇక ఓర్చుకోలేదు. అందుకే వాపు ఫిస్టులా తర్వాత బయటపడింది.

చొక్కా తీయించి చూస్తే ఛాతీ మీద, పొట్ట మీద సిరలున్నాయి. రెండు వేళ్ల పరీక్షలో బొడ్డుకు పైన పైవేలు తీసినప్పుడు వేగంగా నిండింది. అంటే రక్తం కిందికి దిగుతోంది, మూసుకుపోయింది పై మహాసిర. పొట్ట దాకా సిరలు ఉన్నాయి కాబట్టి అడ్డంకి అజైగస్ నోటి దగ్గర గానీ, దాని కింద గానీ ఉండాలి. ఈ రెండిటిలో ఏదో చేతితో తేలదు.

కుడి చేతి నుంచి రంగు మందు ఎక్కించి సీటీ తీస్తారు. అజైగస్ విల్లు వెడల్పుగా, తెల్లగా మెరుస్తూ, ఆ మెరుపు కిందికి హెమీఅజైగస్ దాకా, నడుము సిరల దాకా సాగితే, నోరు తెరిచే ఉంది, అడ్డంకి దాని కిందే. అజైగస్ పైభాగం నిండకుండా ఛాతీ గోడ సిరలే మెరుస్తుంటే నోరు కూడా పోయినట్లు అనుమానించాలి. మందును ఎక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దిగా అజైగస్ విల్లులోకి వెనక్కి వెళ్తుంది. అది విల్లు దగ్గరే ఆగుతుంది, సిర వెడల్పుగా ఉండదు, గోడ సిరలు మెరవవు. ఈ మూడూ చూడకుండా అడ్డంకి ఉందని రాయకూడదు.

ఇదే స్కాన్‌లో కాలేయం నాలుగో భాగంలో ఒక మచ్చ అసాధారణంగా మెరవచ్చు. అంతర వక్ష సిర నుంచి రంగు మందు బొడ్డు పక్క సిరల ద్వారా పోర్టల్ ఎడమ కొమ్మకు చేరడం వల్ల వచ్చే మెరుపు అది. కణితి అని పొరబడితే రోగికి అనవసరంగా కాలేయం సూది పరీక్ష తప్పదు. పై మహాసిర అడ్డంకి ఉన్న రోగిలో ఆ చోట మెరుపు కనిపిస్తే ముందు ఈ దారినే గుర్తు చేసుకోండి.

ఈ రోగికి సాధారణంగా బెలూన్‌తో సన్నని చోటును వెడల్పు చేస్తారు, అవసరమైతే స్టెంట్ పెడతారు. స్టెంట్ పొడవు ఎంచుకునేటప్పుడు అజైగస్ నోటిని కప్పకుండా చూడటం మంచిది. రేపు ఆ స్టెంట్ మూసుకుపోతే ఈ రోగిని కాపాడేది ఆ నోరే. అత్యవసరంగా సెలైన్ పెట్టాల్సి వస్తే చేతికి కాకుండా కాలికి పెట్టాలి.

తొమ్మిదో అడుగు: పుట్టుకతోనే దారి మారినప్పుడు

రెండో అడుగులో కాలేయ సిరలకూ మూత్రపిండ సిరలకూ మధ్య ఖాళీ వదలమన్నాను. పిండంలో కింది మహాసిర వేర్వేరు ముక్కలు అతుక్కుని తయారవుతుంది. కాలేయం దగ్గరి ముక్క కింది ముక్కతో అతుక్కోకపోతే, సరిగ్గా ఆ ఖాళీలో మహాసిర తెగి ఉంటుంది. కాలేయ సిరలు నేరుగా కుడి కర్ణికలో కలుస్తాయి. కాళ్ల, మూత్రపిండాల రక్తం మొత్తం అజైగస్ ఎక్కి పై మహాసిర ద్వారా గుండెకు చేరుతుంది. గుండె లోపాలు, ఒకటికి మించి ప్లీహాలు ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఏ లోపమూ లేనివారిలో కూడా ఉండి, జీవితమంతా తెలియకపోవచ్చు.

తెలిసే దారులు రెండు. ఛాతీ ఎక్స్‌రేలో వాయునాళానికి కుడిపక్కన, శ్వాసనాళం చీలే మూలలో గుండ్రని నీడ కనిపిస్తుంది. మామూలుగా నిలబెట్టి తీసిన చిత్రంలో అక్కడి అజైగస్ నీడ 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇది అంతకు మించి ఉండి, లింఫ్ గ్రంథి అని పొరబడేలా చేస్తుంది. లేదా గజ్జ నుంచి గుండెకు పంపిన తీగ కుడి కర్ణికకు నేరుగా చేరకుండా, వెన్నెముక పక్కగా ఎక్కి, విల్లు తిరిగి పై నుంచి దిగుతుంది.

అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్‌లో దారి కోసం అజైగస్ విల్లును కట్టి కోయడం సర్జన్లకు అలవాటైన పని. మామూలు మనిషిలో దానివల్ల నష్టం ఉండదు. ఇలాంటి వ్యక్తిలో మాత్రం ఆ ముడి నడుము కింది శరీరమంతటి రక్తానికి ఉన్న ఒకే పెద్ద దారిని మూసేస్తుంది, ప్రాణం పోవచ్చు. కాబట్టి అజైగస్‌ను కట్టే ముందు సీటీలో మూత్రపిండ సిరల నుంచి పైకి ఒక్కొక్క చిత్రమే చూసుకుంటూ వెళ్లి, కాలేయం వెనక మహాసిర తెగకుండా ఉందో లేదో, అజైగస్ వెడల్పు మహాధమని పక్కన మామూలుగా సన్నగా ఉందో లేదో రెండూ నిర్ధారించుకోవాలి. మహాసిర కనిపించకపోతే ఆ విల్లు మీద కత్తెర పెట్టకూడదు.